ఈ డీడీ ఏ బిల్లు కింద?

డిమాండ్ డ్రాఫ్టు మీద సొమ్ము ఎంతో ఉంటుంది, ఎవరికి చెల్లించాలో ఉంటుంది, ఏ బ్యాంకు ఏ శాఖ ఇచ్చిందో ఉంటుంది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2018 సెప్టెంబరు 15 నుంచి, కొన్నవారి పేరు కూడా దాని ముఖం మీదే అచ్చవుతోంది. ఆ సొమ్ము దేనికోసమన్నది మాత్రం డీడీ మీద ఎక్కడా ఉండదు. ఆ సంగతి చెప్పడానికే డీడీతో పాటు కవరులో ఒక ఉత్తరం పెడతారు. ఆఫీసుల్లో దాన్ని కవరింగ్ లెటర్ అంటారు. ఒకే పార్టీకి ఒకే బిల్లు బాకీ ఉన్నప్పుడు ఆ ఉత్తరం మర్యాద కోసం రాసినట్టే ఉంటుంది. రెండు మూడు బిల్లులు బాకీ ఉన్నప్పుడు మాత్రం సొమ్ము ఎటు పోవాలో నిర్ణయించేది ఆ ఉత్తరమే.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉందనుకుందాం. ఆఫ్‌సెట్ యంత్రానికి కావలసిన విడిభాగాలూ మరమ్మతులూ హైదరాబాదులోని ఒక వర్క్‌షాపు చూస్తుంది. 2025 జులై నాటికి ప్రెస్సు దగ్గర వర్క్‌షాపు బిల్లులు మూడు ఉన్నాయి. ఏప్రిల్ 8 నాటి 214వ నంబరు బిల్లు రబ్బరు రోలర్లది, రూ. 38,600. వచ్చిన నాలుగు రోలర్లలో రెండు పనికి రాలేదని ప్రెస్సు అప్పుడే ఉత్తరం రాసింది. ఆ తగాదా ఇంకా తేలలేదు. జూన్ 2 నాటి 251వ నంబరు బిల్లు యంత్రాన్ని పూర్తిగా విప్పి ఓవర్‌హాలింగ్ చేసినందుకు, జీఎస్‌టీతో కలిపి రూ. 70,800. జూన్ 20 నాటి 263వ నంబరు బిల్లు మరికొన్ని విడిభాగాలది, రూ. 24,250. పని బాగా జరిగింది కనుక ప్రెస్సు యజమాని ముందుగా 251 తీర్చేద్దామనుకుని రూ. 69,600కి డీడీ తీశాడు. బిల్లు కంటే రూ. 1,200 తగ్గడానికి కారణం టీడీఎస్. దాని సంగతి తర్వాత వస్తుంది.

డీడీ ఒక్కటే కవరులో పెట్టి పంపితే హైదరాబాదులో ఏం జరుగుతుంది? కవరు విప్పినవాళ్లు డీడీని క్యాషియరుకు ఇస్తారు. అది అదే రోజు బ్యాంకుకు వెళ్లిపోతుంది. లెక్కలు రాసే గుమస్తా ముందు మిగిలేది పార్టీ పేరు, రూ. 69,600 అన్న అంకె. ఆ అంకెతో సరిపోయే బిల్లు అతని జాబితాలో లేదు. ట్యాలీలో వసూలు నమోదు చేస్తున్నప్పుడు ఏ బిల్లుకు జమ కట్టాలో అడుగుతుంది. బిల్లు తెలిస్తే Agst Ref కింద ఆ నంబరు ఎంచుకుంటాడు. తెలియకపోతే On Account కింద పడేస్తాడు. అంటే పార్టీ ఖాతాలో సొమ్ము జమ అవుతుంది కానీ ఏ బిల్లూ తీరదు. లేదా పాత బిల్లులు ముందు తీరాలి కదా అని 214కి రూ. 38,600 కట్టి, మిగిలిన రూ. 31,000 మాత్రమే 251కి వేస్తాడు. అప్పుడు ప్రెస్సు తీర్చేశాననుకున్న బిల్లు మీద ఇంకా రూ. 39,800 బాకీ కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పనికిరాని రోలర్ల బిల్లుకు పూర్తిగా సొమ్ము ముట్టినట్టవుతుంది. తగాదాలో ప్రెస్సు చేతిలో ఉన్న ఒకే ఒక్క బలం ఆ సొమ్ము ఇవ్వకపోవడం. అది చేజారిపోతుంది.

వర్క్‌షాపు చేసింది అన్యాయమేమీ కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 59, 60, 61 సెక్షన్లు సరిగ్గా ఈ సందర్భానికే ఉన్నాయి. ఒకరికి వేర్వేరు బాకీలు ఉన్న వ్యక్తి, ఫలానా బాకీకే ఇస్తున్నానని చెప్పి సొమ్ము ఇస్తే, పుచ్చుకున్నవారు దాన్ని ఆ బాకీకే జమ కట్టాలని 59వ సెక్షన్ చెబుతుంది. మాటల్లో చెప్పకపోయినా, పరిస్థితిని బట్టి ఏ బాకీకో స్పష్టమైతే అదీ చాలు. బాకీకి సరిగ్గా సమానమైన సొమ్ము పంపడం అలాంటిదే. చెప్పకపోతే, పరిస్థితిని బట్టి కూడా తేలకపోతే, 60వ సెక్షన్ ప్రకారం ఎంపిక అప్పిచ్చినవారి చేతిలోకి వెళుతుంది. న్యాయంగా రావలసిన ఏ బాకీకైనా వాళ్లు జమ కట్టుకోవచ్చు. కాలదోషం పట్టి కోర్టుకు వెళ్లినా వసూలు కాని పాత బాకీకి సైతం కట్టుకోవచ్చని ఆ సెక్షనే చెబుతోంది. ఎప్పుడో వదిలేసిన పాత బిల్లుకు కొత్త సొమ్ము వెళ్లిపోయే దారి ఇదే. ఇద్దరూ ఏమీ నిర్ణయించకపోతే 61వ సెక్షన్ వస్తుంది. ముందు వచ్చిన బాకీ ముందు తీరుతుంది, ఒకే నాటివైతే వాటి దామాషాలో తీరుతాయి.

కాబట్టి ఎంచుకునే మొదటి హక్కు చెల్లించేవారిది. దాన్ని వాడుకోవలసింది సొమ్ము ఇచ్చేటప్పుడే. వర్క్‌షాపు తనకు నచ్చిన బిల్లుకు జమ కట్టి ఆ సంగతి తెలియజేశాక, నెల తర్వాత ఫోను చేసి అది 251కండీ అంటే వాళ్లు మార్చితే మార్చవచ్చు, మార్చకపోతే బలవంతపెట్టలేం. ఉత్తరం డీడీ ఉన్న కవరులోనే వెళ్లాలనడానికి కారణం ఇదే. ఇక్కడ అవతలివారి పరిస్థితి కూడా గమనించాలి. 251కి మాత్రమే అని రాసి పంపిన డీడీని వర్క్‌షాపు ఇష్టం లేకపోతే తిప్పి పంపవచ్చు. సొమ్ము ఉంచుకుని షరతును మాత్రం పక్కన పెట్టడం కుదరదు. అయితే ఈ హక్కుకూ ఒక హద్దుంది. ఇది వేర్వేరు బాకీల మధ్య ఎంచుకునే హక్కు. ఒకే బాకీలో అసలు, వడ్డీ రెండూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు వచ్చిన సొమ్మును ముందు వడ్డీకి, తర్వాత అసలుకు కట్టడమే కోర్టులు పాటించే మామూలు పద్ధతి.

తెనాలి ప్రెస్సు రాయవలసిన ఉత్తరం ఇలా ఉంటే చాలు:

తెనాలి, 15–7–2025

అయ్యా,

విషయం: మీ బిల్లు నం. 251, తేదీ 2–6–2025 కింద రూ. 69,600 చెల్లింపు.

ఈ ఉత్తరంతో రూ. 69,600 (అరవై తొమ్మిది వేల ఆరు వందల రూపాయలు)కి డీడీ నం. 418207, తేదీ 14–7–2025, ఫలానా బ్యాంకు తెనాలి శాఖ ఇచ్చినది, హైదరాబాదులో చెల్లేది, పంపుతున్నాం. మా ఆఫ్‌సెట్ యంత్రం ఓవర్‌హాలింగ్‌కు మీరిచ్చిన పై బిల్లుకు ఇది పూర్తి చెల్లింపు. లెక్క: పని విలువ రూ. 60,000, ఐజీఎస్‌టీ రూ. 10,800, మొత్తం రూ. 70,800. పని విలువ మీద 2 శాతం టీడీఎస్ రూ. 1,200 పోగా రూ. 69,600.

ఈ సొమ్మును బిల్లు నం. 251కి మాత్రమే జమ చేసుకోగలరు. బిల్లు నం. 214, 263 ఇందులో చేరలేదు. 214 విషయంలో మా 22–4–2025 నాటి ఉత్తరం చూడగలరు.

దయచేసి బిల్లు నంబరు వేసి రసీదు పంపగలరు.

ఇట్లు, (సంతకం, సంస్థ ముద్ర)

ఇందులో ఒక్కో వాక్యానికి ఒక్కో పని ఉంది. విషయం అన్న పంక్తిలోనే బిల్లు నంబరు, తేదీ, సొమ్ము మూడూ ఉన్నాయి. గుమస్తా ఉత్తరమంతా చదవకపోయినా ఆ ఒక్క పంక్తితో జమ కట్టగలడు. బిల్లు నంబరును అవతలివారు అచ్చు వేసినట్టే దించాలి. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబరులో అక్షరాలు, అంకెలు, గీతలు కలిపి 16 వరకు ఉండవచ్చు. చాలా సంస్థలు సంవత్సరాన్నీ శాఖ గుర్తునూ అందులోనే కలుపుతాయి. ఏటా ఏప్రిల్‌లో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కనుక 251 అని రాసి తేదీ వదిలేస్తే, కిందటేడు 251 కూడా ఒకటి ఉండే ఉంటుంది. కొనేవారు వేసిన ఆర్డరు నంబరునో, సరుకు వెంట వచ్చిన డెలివరీ చలాను నంబరునో బిల్లు నంబరనుకుని రాయడం తరచూ జరిగే పొరపాటు. అమ్మినవారి లెక్కల్లో ఆ నంబర్లకు బాకీ ఉండదు కాబట్టి అలాంటి ఉత్తరం ఉన్నా లేనట్టే.

డీడీ వివరాలు ఉత్తరంలో మళ్లీ రాయడం అనవసరమనిపించవచ్చు. కానీ డీడీ, ఉత్తరం కవరు విప్పిన పది నిమిషాలకే విడిపోతాయి. ఒకటి బ్యాంకుకు, మరొకటి ఫైలుకు పోతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రూ. 69,600 కనిపించిన రోజున దాన్ని ఉత్తరంతో కలిపేది ఆరంకెల డీడీ నంబరే.

ఇక రూ. 1,200 సంగతి. ఓవర్‌హాలింగ్ ఒప్పంద పని. అలాంటి పనికి ఒక భాగస్వామ్య సంస్థకు సొమ్ము ఇచ్చేటప్పుడు, టీడీఎస్ కోయవలసిన బాధ్యత ఉన్నవారు 2 శాతం మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. బిల్లులో జీఎస్‌టీ విడిగా చూపి ఉంటే కోత పన్ను లేని విలువ మీదే పడుతుంది. అందుకే 70,800 మీద కాక 60,000 మీద లెక్క. ఇది ఉత్తరంలో రాయకపోతే వర్క్‌షాపు గుమస్తా 251కి రూ. 69,600 కట్టి, మిగిలిన రూ. 1,200ను బాకీగానే ఉంచుతాడు. సంవత్సరాంతంలో రెండు వైపుల ఖాతాలు సరిచూసేటప్పుడు ఆ తేడా బయటపడుతుంది. ప్రెస్సు లెక్కలో ఇవ్వవలసింది రూ. 62,850, వర్క్‌షాపు లెక్కలో రావలసింది రూ. 64,050. ఎప్పుడైనా ఖాతాల మధ్య తేడా ఏదో ఒక బిల్లు విలువలో సరిగ్గా 1 శాతమో 2 శాతమో ఉంటే, ముందు అనుమానించవలసింది టీడీఎస్‌నే. విరిగిన సరుకుకు తగ్గింపు, ముందుగా చెల్లించినందుకు రాయితీ, ఇదివరకు ఇచ్చిన అడ్వాన్సు లాంటి ఏ కోతైనా అంతే. బిల్లు సొమ్ము నుంచి డీడీ సొమ్ము వరకు మెట్టు మెట్టుగా దిగి వచ్చే చిన్న లెక్క ఉత్తరంలో ఉండాలి.

జీఎస్‌టీలో కూడా చెల్లింపులు బిల్లువారీగానే లెక్కకు వస్తాయి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల లోపు అమ్మినవారికి సొమ్ము చెల్లించకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను కొన్నవారు తిరిగి కట్టాలి. 214వ బిల్లుకు ఆ గడువు అక్టోబరు 5తో ముగుస్తుంది. కవరింగ్ లెటర్ల కాపీలు ఉంటే ఏ బిల్లుకు ఏ రోజున ఎంత వెళ్లిందో ఆడిటరు ఒక పూటలో తేల్చగలడు.

పేర్ల విషయంలో ఒక చిక్కు వస్తుంది. డీడీ రూ. 50,000 గానీ ఆపైన గానీ అయితే బ్యాంకు నగదుకు ఇవ్వదు, ఖాతా నుంచి మినహాయించుకునో చెక్కు తీసుకునో ఇస్తుంది. చిన్న ఊళ్లలో యజమానులు చాలామంది సంస్థ ఖాతాలో సొమ్ము సరిపోనప్పుడు సొంత ఖాతా నుంచో భార్య ఖాతా నుంచో డీడీ తీస్తారు. ఇప్పుడు కొన్నవారి పేరు డీడీ మీద పడుతుంది కదా, అక్కడ ప్రెస్సు పేరుకు బదులు వర్క్‌షాపు ఎన్నడూ వినని పేరు ఉంటుంది. అలాంటప్పుడు ‘ఈ డీడీ ఫలానా వారి ఖాతా నుంచి తీసినది, మా సంస్థ బాకీ కింద పంపుతున్నది’ అని ఉత్తరంలో ఒక వాక్యం తప్పకుండా రాయాలి. ఇటు పుచ్చుకునేవారి పేరు కూడా వారి బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉండాలి. రూ. 20,000, ఆపైన ఉన్న డీడీలన్నీ అకౌంట్ పేయీ క్రాసింగ్‌తోనే వస్తాయి, ఆ పేరున్న ఖాతాలో తప్ప జమ కావు.

బిల్లులో కొంత మాత్రమే ఇస్తున్నప్పుడు ఉత్తరం మరింత జాగ్రత్తగా రాయాలి. ఊళ్లలో ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాయించుకోవడం అందరికీ తెలిసిన పద్ధతి. బాకీదారు కొంత సొమ్ము ఇచ్చి, నోటు వెనుక ఆ సంగతి రాసి సంతకం చేస్తే మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ దీనికి ఆధారం. గడువు తీరకముందు చేసిన చెల్లింపు, చెల్లించినవారి చేతిరాతలోనో వారి సంతకంతోనో నమోదై ఉండాలని మాత్రమే అది అడుగుతుంది. ‘బిల్లు నం. 214 కింద రూ. 15,000 పంపుతున్నాం’ అని సంతకం చేసిన కవరింగ్ లెటర్ నోటు వెనుక రాసిన చెల్లుతో సమానమే. సొమ్ము రావలసినవారికి అది బంగారం లాంటి కాగితం, పారేయకూడదు. పంపేవారు ఆ మాట తెలిసే సంతకం చేయాలి. తగాదాలో ఉన్న బిల్లును ‘మేం మీకు ఇవ్వవలసిన బాకీ’ అని రాయడం కంటే, పై నమూనాలోలా ‘ఇందులో చేరలేదు, మా ఉత్తరం చూడగలరు’ అని ఆపడం మంచిది.

‘పూర్తి పరిష్కారంగా’ అన్న మాట ఇంకా పదునైనది. రావలసిన దానికంటే తక్కువ సొమ్మును, మొత్తం బాకీ తీరినట్టుగా అప్పిచ్చినవారు ఒప్పుకుని తీసుకుంటే ఆ బాకీ తీరిపోయినట్టేనని ఒప్పందాల చట్టం 63వ సెక్షన్ చెబుతుంది. రూ. 38,600 బిల్లుకు రూ. 19,300 పంపి ‘పూర్తి పరిష్కారంగా’ అని రాస్తే, ఏమీ అనకుండా డీడీ మార్చుకున్న వర్క్‌షాపు మిగతా సగం అడగడానికి చాలా కష్టపడాలి. ఆ షరతు ఒప్పుకోనివారు డీడీని తిప్పి పంపాలి. లేదా మార్చుకునే ముందే, కొంత భాగంగా మాత్రమే తీసుకుంటామని ఉత్తరం రాసి పంపేవారి జవాబు తెప్పించుకోవాలి. పంపేవారు కూడా, నిజంగా బేరం తెగినప్పుడు తప్ప ఈ మాట వాడకూడదు. ఒక బిల్లుకు పూర్తి చెల్లింపు అనడం, మొత్తం లావాదేవీకి పూర్తి పరిష్కారం అనడం ఒకటి కావు.

ఉత్తరం రెండు ప్రతులు తీయాలి. ఒకటి డీడీతో వెళుతుంది, రెండోది సంతకంతో సహా ఆఫీసు కాపీ. డీడీకి జిరాక్సు తీసి ఆ కాపీకి జతచేయాలి. అసలు డీడీని ఉత్తరానికి పిన్నుతో గుచ్చకుండా క్లిప్పు పెట్టాలి. కింద తెల్లటి పట్టీలో ఉన్న అంకెలను యంత్రం చదువుతుంది, అక్కడ చిల్లు పడకూడదు. చేతికిస్తే ఆఫీసు కాపీ మీదే ‘అసలు డీడీ ముట్టింది’ అని తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. తపాలాలో పంపితే స్పీడ్ పోస్టు రసీదును ఆ కాపీకే అంటించాలి.

కవరు దారిలో పోతే అక్కరకు వచ్చేది కూడా ఆ కాపీయే. డీడీ నంబరు, తేదీ, సొమ్ము, ఎవరి పేరున తీశారో చెప్పి కొన్నవారు బ్యాంకుకు దరఖాస్తు పెట్టుకోవాలి, హామీపత్రం ఇవ్వాలి. సరైన దరఖాస్తు అందిన రెండు వారాల్లో బ్యాంకు నకలు డీడీ ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆలస్యమైతే ఆ రోజులకు ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటున వడ్డీ కట్టివ్వాలి. దొరికిన డీడీని కూడా తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. 2012 ఏప్రిల్ 1కి ముందు ఆ గడువు ఆరు నెలలు ఉండేది.

పది పదిహేను రోజుల్లో రసీదు రాకపోతే ఊరుకోకూడదు. రసీదు వచ్చినా దాని మీద బిల్లు నంబరు ఉందో లేదో చూడాలి. ‘ఖాతాలో జమ’ అని మాత్రమే ఉంటే సొమ్ము On Account కింద పడిందన్నమాట. అప్పుడు ఆఫీసు కాపీ ఫొటో పంపి, బిల్లుల వారీగా బాకీల జాబితా అడగాలి. ఆ జాబితాలో 251 కనిపించకుండా 214, 263 మాత్రమే, మొత్తం రూ. 62,850గా ఉంటే ఉత్తరం పని పూర్తయింది. తర్వాత ఆఫీసు కాపీ, డీడీ జిరాక్సు, తపాలా రసీదు, వర్క్‌షాపు రసీదు నాలుగూ 251వ నంబరు బిల్లుతో కలిపి ఒకే చోట ఉంచాలి. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలనూ రికార్డులనూ ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. 2025–26 కాగితాలకు ఆ రిటర్ను గడువు 2026 డిసెంబరు 31 కనుక, ఆ ఫైలు 2032 డిసెంబరు 31 దాకా బీరువాలో ఉండాలి.